90 బంతుల్లో 86 పరుగులు: డిక్లరేషన్, ఫాలో ఆన్, డ్రా ఎలా నడుస్తాయి?

(హైదరాబాద్‌లో లీగ్ క్రికెటర్లు, స్కోరర్లు, క్రికెట్ అభిమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక స్కోరు చెబుతాను, మనసులో పెట్టుకోండి. 2011 జులై, వెస్టిండీస్‌లోని డొమినికాలో మూడో టెస్టు, ఐదో రోజు సాయంత్రం. భారత్‌కు లక్ష్యం 47 ఓవర్లలో 180. 32 ఓవర్లు అయ్యేసరికి 3 వికెట్లకు 94. ఇంకా 15 ఓవర్లున్నాయి, కావలసింది 86 పరుగులు, చేతిలో 7 వికెట్లు. క్రీజులో ద్రావిడ్, మన లక్ష్మణ్. అప్పుడు ఇద్దరు కెప్టెన్లూ చేతులు కలిపారు, మ్యాచ్ డ్రా అయింది.

90 బంతుల్లో 86. మొన్న ఐపీఎల్ చూసి వచ్చిన పిల్లవాడిని అడగండి, ‘ఇదేం లెక్క అంకుల్, పది ఓవర్లలో కొట్టేస్తారు’ అంటాడు. అతను అలా అనడంలో తప్పు లేదు. అతను చూసే ఆటలో అది నిజం. ఐదు రోజుల ఆటలో అదే స్కోరు ఎందుకు వేరేగా కనిపిస్తుందో చెప్పడానికే ఇవాళ వచ్చాను. చివర్లో మళ్లీ డొమినికాకే వస్తాను. ధోనీ తీసుకున్న నిర్ణయం మీద నాకొక అభిప్రాయం ఉంది, అదీ చెబుతాను.

ముందు డ్రా అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది దీన్ని ‘టై’తో కలిపేస్తారు. టెస్టు గెలవాలంటే ప్రత్యర్థి కంటే ఎక్కువ పరుగులు చేస్తే చాలదు. చివరగా బ్యాటింగ్ చేస్తున్న జట్టును ఆలౌట్ చెయ్యాలి కూడా. టైమ్ అయిపోయేసరికి ఆ జట్టుకు ఒక్క వికెట్ మిగిలి ఉన్నా, లక్ష్యానికి 300 పరుగుల దూరంలో ఉన్నా, అది డ్రానే. స్కోర్లు సమానమైతే? 2011 నవంబర్‌లో వాంఖడేలో అదే జరిగింది. వెస్టిండీస్ మీద భారత్ లక్ష్యం 243. ఆఖరి బంతికి అశ్విన్ రెండో పరుగు కోసం పరుగెత్తి రనౌటయ్యాడు. స్కోరు 9 వికెట్లకు 242. రెండు జట్ల మొత్తాలూ సమానమే, అయినా అది టై కాదు. పదో వికెట్ పడలేదు కాబట్టి డ్రా. పదో వికెట్ కూడా పడి ఉంటేనే టై అయ్యేది.

దీన్నుంచి ఒక విషయం బయటపడుతుంది. బ్యాటింగ్ జట్టుకు వన్డేలో ఉన్నది ఒకే దారి, పరుగులు కొట్టడం. టెస్టులో రెండు దారులు: కొట్టి గెలవడం, లేదా ఔటవకుండా టైమ్ గడపడం. మన వాళ్లు ‘జిడ్డాట’ అని తిట్టేది ఆ రెండో దారినే. ఫీల్డింగ్ జట్టుకు మాత్రం దారి ఒక్కటే: పది వికెట్లు తియ్యాలి. కాబట్టి ఎన్ని ఓవర్లు మిగిలాయన్నదే కెప్టెన్ తలలో తిరిగే లెక్క. వికెట్లు ఉండగానే కెప్టెన్ తన జట్టు ఇన్నింగ్స్‌ను ముగించే డిక్లరేషన్, తర్వాత చెప్పబోయే ఫాలో ఆన్, రెండూ ఆ లెక్క కోసం పుట్టినవే.

ఈ లెక్క ఎలా వేస్తారో మన ఉప్పల్ స్టేడియంలోనే చూద్దాం. 2017 ఫిబ్రవరి, బంగ్లాదేశ్‌తో ఏకైక టెస్టు. భారత్ మొదట బ్యాటింగ్ చేసి 6 వికెట్లకు 687 దగ్గర డిక్లేర్ చేసింది. కోహ్లి 204 కొట్టాడు, విజయ్, సాహా సెంచరీలు చేశారు. బంగ్లాదేశ్ 388కి ఆలౌటయింది. ముష్ఫికర్ రహీమ్ 127. భారత్ ఆధిక్యం 299.

ఐదు రోజుల మ్యాచ్‌లో, మొదట బ్యాటింగ్ చేసిన జట్టుకు 200 లేదా అంతకంటే ఎక్కువ ఆధిక్యం ఉంటే, ఆ కెప్టెన్ ప్రత్యర్థిని వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపవచ్చు. అదే ఫాలో ఆన్. 687 మీద 200 తీసేస్తే 487. బంగ్లాదేశ్ 488 చేసి ఉంటే ఫాలో ఆన్ గండం తప్పేది. స్కోరర్లు ఈ ఒక్క పరుగు తేడా దగ్గరే పొరపడుతుంటారు. ఆధిక్యం సరిగ్గా 200 ఉన్నా ఫాలో ఆన్ ఇవ్వవచ్చు.

మూడు, నాలుగు రోజుల మ్యాచ్‌లో ఈ అంకె 150, రెండు రోజుల మ్యాచ్‌లో 100, ఒక రోజు మ్యాచ్‌లో 75. మీలో రెండు రోజుల లీగ్ మ్యాచ్‌లు ఆడేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది 100. ఇంకొక మెలిక ఉంది. ఐదు రోజుల మ్యాచ్‌లో మొదటి రోజు మొత్తం వానకు పోతే, అది నాలుగు రోజుల మ్యాచ్ కిందే లెక్క, అంకె 150కి దిగుతుంది. ఆట మొదలయ్యాక మధ్యలో ఏ రోజు వాన పడినా మాత్రం మారదు.

ఇంకో సంగతి. 2024 జనవరిలో ఉప్పల్‌లోనే ఇంగ్లండ్ 246, భారత్ 436. ఆధిక్యం 190. ‘అయ్యో, ఇంకో పది పరుగులు చేస్తే ఫాలో ఆన్ ఆడించేవాళ్లం’ అన్న మాట అప్పట్లో చాలామంది నోట విన్నాను. భారత్ ఆ మ్యాచ్‌లో రెండోగా బ్యాటింగ్ చేసింది. ఆధిక్యం 190 కాదు, 390 ఉన్నా ఫాలో ఆన్ అన్న మాటే రాదు, ఎందుకంటే తర్వాత బ్యాటింగ్ చెయ్యవలసింది ఎలాగూ ఇంగ్లండే. ఫాలో ఆన్ అంటే వరుస మార్చడం. మొదట ఆడిన జట్టు తన రెండో వంతును వాయిదా వేసుకోవడం. అందుకే ఆ హక్కు మొదట ఆడిన జట్టుకే ఉంటుంది.

మళ్లీ 2017కి వద్దాం. కోహ్లి దగ్గర 299 ఆధిక్యం ఉంది, ఫాలో ఆన్ ఇవ్వలేదు. ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు అది అర్థం కాకపోయి ఉండవచ్చు. లెక్క చూడండి. అది నాలుగో రోజు, లంచ్‌కు ముందు. ఇన్నింగ్స్ మారినప్పుడు మధ్యలో పది నిమిషాల విరామానికి రోజు లెక్కలో 2 ఓవర్లు పోతాయి. అవి పోగా మ్యాచ్‌లో మిగిలినవి 154 ఓవర్లు. ఫాలో ఆన్ ఇస్తే ఆ 154లో పది వికెట్లు తియ్యాలి. వినడానికి బాగుంది. కానీ ఆ బౌలర్లు అప్పటికే 127.5 ఓవర్లు వేసి వచ్చారు. మూడో రోజంతా ఎండలో తిరిగారు. అశ్విన్, జడేజా వేళ్లు, భుజాలు మళ్లీ వెంటనే అంత పనికి సిద్ధంగా ఉండవు. అలసిన స్పిన్నర్‌ను ఎలా గుర్తుపట్టాలంటే, బంతి తిరగడం ఆగిపోదు, ముందు లెంగ్త్ పోతుంది. ఓవర్‌కు ఒకటి పొట్టిగా పడుతుంది, బ్యాట్స్‌మన్ దాన్ని వెనక్కి వెళ్లి కట్ చేస్తాడు, ఒత్తిడి మొత్తం అక్కడ సడలిపోతుంది.

రెండో భయం ఇంకా పెద్దది. ఫాలో ఆన్ ఇస్తే, ప్రత్యర్థి నిలబడిపోతే, ఐదో రోజు అరిగిన పిచ్ మీద నాలుగో ఇన్నింగ్స్ మనమే ఆడవలసి వస్తుంది. ఈ సంగతి హైదరాబాద్ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2001 కోల్‌కతా. ఆస్ట్రేలియా 445, భారత్ 171, వెనుకబడింది 274. స్టీవ్ వా ఫాలో ఆన్ ఇచ్చాడు. అతన్ని తెలివితక్కువ వాడనడం అన్యాయం, ఎందుకంటే అతని బౌలర్లు అప్పటికి వేసింది 58.1 ఓవర్లే, వాళ్లు తాజాగా ఉన్నారు. కానీ లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరూ కలిసి 376. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. ఆస్ట్రేలియా విరామం లేకుండా ఇంకో 178 ఓవర్లు వేసింది. భారత్ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసింది, లక్ష్యం 384, ఆస్ట్రేలియా 212కి ఆలౌట్. ఆ తర్వాతి కాలంలో కెప్టెన్లు ఫాలో ఆన్ అంటే జంకడానికి ఆ మ్యాచ్ ఒక కారణమని నా నమ్మకం. ఇప్పుడు వరుసగా టెస్టులుంటాయి, బౌలర్లను కాపాడుకోవాలి, అది ఇంకో కారణం.

కాబట్టి ఉప్పల్‌లో కోహ్లి మళ్లీ బ్యాటింగ్ తీసుకున్నాడు. 29 ఓవర్లలో 4 వికెట్లకు 159 కొట్టి, సరిగ్గా టీ టైమ్‌లో డిక్లేర్ చేశారు. టీ టైమ్‌లోనే ఎందుకంటే, విరామం ఎలాగూ ఉంది కాబట్టి ఇన్నింగ్స్ మారినందుకు ఆ 2 ఓవర్లు పోవు. లంచ్ దగ్గర, టీ దగ్గర, రాత్రి ఆట ముగిశాక డిక్లేర్ చెయ్యడం వెనక ఉన్న లాభం ఇదే. ఇలా 154లో 29 ఖర్చయ్యాయి, 125 మిగిలాయి. లక్ష్యం 459.

ఇప్పుడు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి. టెస్టు చరిత్రలో నాలుగో ఇన్నింగ్స్‌లో అతి పెద్ద విజయవంతమైన ఛేదన 418, 2003లో సెయింట్ జాన్స్‌లో ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ చేసింది. 459 అంటే దానికంటే 41 ఎక్కువ. బంగ్లాదేశ్‌కు గెలుపు దారి మూసేశారు. మిగిలింది ఔటవకుండా 125 ఓవర్లు నిలబడటం. అలాంటి లక్ష్యం ఉన్నప్పుడు ఫీల్డింగ్ ఎలా మారుతుందో గమనించండి. పరుగులు పోతే పోనీ అనుకోవచ్చు కాబట్టి, స్పిన్నర్‌కు స్లిప్, సిల్లీ పాయింట్, షార్ట్ లెగ్, లెగ్ స్లిప్, అందరూ బ్యాట్ చుట్టూ చేరతారు. బంతి బ్యాట్ అంచుకు తగిలినా, బ్యాట్‌కూ ప్యాడ్‌కూ తగిలి కాస్త లేచినా, నేలను తాకకముందే అందుకోవడానికి ఒక చెయ్యి ఉంటుంది. అదే లక్ష్యం 330 అయి ఉంటే డీప్ పాయింట్‌లో ఒకడు, డీప్ స్క్వేర్ లెగ్‌లో ఒకడు వెళ్లి నిలబడాలి, బ్యాట్ చుట్టూ ఇద్దరు తగ్గిపోతారు. డిక్లరేషన్‌లో పెట్టే అదనపు పరుగులు నిజానికి కొనేది ఈ ఇద్దరు దగ్గరి ఫీల్డర్లను.

125 ఓవర్లు అన్న అంకెలో ఇంకొకటి దాగుంది. టెస్టులో 80 ఓవర్ల తర్వాత రెండో కొత్త బంతి తీసుకోవచ్చు. ప్రత్యర్థికి 75 ఓవర్లు మాత్రమే మిగిల్చి డిక్లేర్ చేస్తే, మొదట తీసుకున్న ఆ ఒక్క బంతితోనే పది వికెట్లూ తియ్యాలి. 95, 100 మిగిల్చితే చివర్లో టెయిలెండర్ల మీద కొత్త బంతి దొరుకుతుంది. మామూలు పిచ్ మీద మంచి కెప్టెన్లు 95కు తగ్గకుండా చూసుకోవడానికి కారణం ఇదే. బంగ్లాదేశ్ నాలుగో రోజు 35 ఓవర్లలో 3 వికెట్లకు 103 చేసింది, మొత్తం మీద 100.3 ఓవర్లలో 250కి ఆలౌటయింది. భారత్ 208 పరుగులతో గెలిచింది. ఇంకా 24.3 ఓవర్లు మిగిలాయి. గంటన్నర ఆట అన్నమాట. కోహ్లి ఇంకో సెషన్ బ్యాటింగ్ చేసి ఉంటే ఆ మ్యాచ్ డ్రా అయ్యేది.

తొందరపడ్డా దెబ్బే అనడానికి కూడా ఉప్పల్‌లోనే ఉదాహరణ ఉంది. 2013 మార్చిలో ఆస్ట్రేలియా మొదటి రోజే 9 వికెట్లకు 237 దగ్గర డిక్లేర్ చేసింది. క్లార్క్ ఆలోచన ఏమిటంటే, చీకటి పడే ముందు భారత ఓపెనర్ల మీద కొన్ని ఓవర్లు వేసి ఒక వికెట్ లాగెయ్యాలని. 3 ఓవర్లే పడ్డాయి, వికెట్ రాలేదు. తర్వాత పుజారా 204, విజయ్ 167, భారత్ 503. ఆస్ట్రేలియా ఇన్నింగ్స్ 135 పరుగులతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసి ఇన్నింగ్స్ తేడాతో ఓడిన మొదటి జట్టు అదే. అయితే డిక్లేర్ చేసినందుకే ఓడారంటే నేను ఒప్పుకోను. ఆఖరి జోడీ ఇంకో 10, 15 పరుగులు చేసేదేమో. ఓడింది మిగతా 9 వికెట్లు 237కే పడినందుకు.

ఒక నిబంధన మాట. కెప్టెన్ బంతి డెడ్ అయి ఉన్నప్పుడు ఎప్పుడైనా డిక్లేర్ చెయ్యవచ్చు, కానీ అంపైర్లకూ అవతలి కెప్టెన్‌కూ చెప్పాక వెనక్కి తీసుకోలేడు. ఫాలో ఆన్ కూడా అంతే. నోరు జారితే అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లక్ష్యం అందేలా కనిపిస్తున్నా ఎందుకు వదిలేస్తారు?

వన్డే, టీ20 ఛేదన మన కళ్లకు అలవాటు. అక్కడ బ్యాట్స్‌మన్‌కు నిబంధనలే సాయం చేస్తాయి. వృత్తం బయట ఇంతమందే ఉండాలి. ఒక బౌలర్ ఇన్ని ఓవర్లే వెయ్యాలి, కాబట్టి ఐదో బౌలర్ ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు, అతన్ని కొట్టవచ్చు. లెగ్ సైడ్ కాస్త జరిగితే వైడ్. టెస్టులో ఈ మూడూ లేవు. కెప్టెన్ కావాలంటే తొమ్మిది మందినీ బౌండరీ దగ్గర నిలబెట్టవచ్చు, లెగ్ సైడ్ స్క్వేర్ వెనక ఇద్దరికి మించకూడదన్న ఒక్క షరతు తప్ప. ఇద్దరు ఉత్తమ బౌలర్లు రెండు చివరల నుంచీ ఆగకుండా వెయ్యవచ్చు. వైడ్ల విషయంలో అంపైర్లు అంత కఠినంగా ఉండరు. పైగా బంతి ఎర్రది, అరిగింది, పిచ్ ఐదో రోజుది. అందుకే టెస్టులో ఓవర్‌కు 6 అంటే, టీ20లో ఓవర్‌కు 10 కొట్టడం కంటే కష్టమని నేను అంటాను. ఫీల్డింగ్ కెప్టెన్‌కు గెలవాలన్న ఆశ లేకపోతే ఆ ఆరును నాలుగుకు దించడం అతని చేతిలో పని.

ఫీల్డింగ్ జట్టు గెలవాలనుకుంటే మాత్రం బేరం కుదురుతుంది: దగ్గర ఫీల్డర్లు ఉంటారు, ఖాళీలు కూడా ఉంటాయి. ఛేదన అప్పుడు బతుకుతుంది.

ఇది కళ్లకు కట్టినట్టు చూపించిన మ్యాచ్ 2021 జనవరి, సిడ్నీ. ఆస్ట్రేలియా 338, భారత్ 244, తర్వాత ఆస్ట్రేలియా 6 వికెట్లకు 312 దగ్గర డిక్లేర్. లక్ష్యం 407. నాలుగో రోజు ముగిసేసరికి భారత్ 2 వికెట్లకు 98. ఐదో రోజు పొద్దున్నే రహానే పోయాడు, 102కి 3. అక్కడ పంత్‌ను ముందుకు పంపారు. అతను 118 బంతుల్లో 97 కొట్టాడు, లయన్ బౌలింగ్‌లో రెండు సార్లు ఆస్ట్రేలియా కెప్టెన్, కీపర్ పెయిన్ అతని క్యాచ్‌లు జారవిడిచాడు. అవతల పుజారా 205 బంతుల్లో 77. 250 దగ్గర పంత్ ఔట్, 272 దగ్గర కొత్త బంతితో హేజిల్‌వుడ్ పుజారాను బౌల్డ్ చేశాడు.

ఇప్పుడు ఆ క్షణంలో ఆగండి. కావలసింది 135. ఓవర్లు 43 దాకా ఉన్నాయి. ఓవర్‌కు 3 పైచిలుకు, అంతే. వికెట్లు చేతిలో 5. కాగితం మీద ఇది డొమినికా కంటే సులువు. కానీ క్రీజులో ఉన్న మన హనుమ విహారికి పరుగు తీస్తుంటే తొడ వెనక కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. అశ్విన్ నడుము నొప్పితో వంగలేకపోతున్నాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో జడేజా విరిగిన బొటనవేలితో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. అతని తర్వాత సైనీ, బుమ్రా, సిరాజ్. మన సిరాజ్ బౌలర్‌గా ఎంత గొప్పవాడైనా, ఆ స్థితిలో అతని వంతు రాకూడదనే ఎవరైనా కోరుకుంటారు. ఒకటి, రెండు పరుగులు తియ్యలేని జోడీ ఓవర్‌కు 3 కొట్టాలంటే బౌండరీలే దిక్కు. బౌండరీ కొట్టబోతే బ్యాట్ చుట్టూ ఉన్న గుంపుకు అదే కావాలి. ఛేదన అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత వాళ్లు చేసినది నేర్చుకోవలసిన పని. విహారి ముందుకు కాలు చాపలేడు, కాబట్టి లయన్ స్పిన్ అతనికి ప్రమాదం. అశ్విన్‌కు నడుము వల్ల పొట్టి బంతులు కష్టం. అందుకని వీలైనంతవరకు లయన్‌ను అశ్విన్, ఫాస్ట్ బౌలర్లను విహారి తీసుకున్నారు. ఒకడు ఒక చివర పాతుకుపోయాడు, రెండోవాడు రెండో చివర. వదిలెయ్యగల ప్రతి బంతినీ వదిలేశారు. 42.4 ఓవర్లలో ఆ జోడీ చేసింది 62 పరుగులు. విహారి 161 బంతుల్లో 23, అశ్విన్ 128 బంతుల్లో 39. ఆఖర్లో స్టార్క్ బంతికి విహారి బ్యాట్ అంచు తగిలి పెయిన్ చేతిలోకి వెళ్లింది, అదీ జారింది. ఎంత పద్ధతిగా అడ్డుకున్నా ఒకటి రెండు క్యాచ్‌లు జారితేనే డ్రా దక్కుతుంది, ఈ నిజం దాచకూడదు. భారత్ 5 వికెట్లకు 334, సిరీస్ 1-1 దగ్గరే నిలిచింది. తర్వాత బ్రిస్బేన్‌లో 328 ఛేదించి సిరీస్ గెలిచారు. సిడ్నీలో ఆ 135 కోసం పోయి ఓడి ఉంటే బ్రిస్బేన్‌లో గెలిచినా సిరీస్ 2-2 మాత్రమే అయ్యేది.

ఇక్కడ పెయిన్ డిక్లరేషన్ కూడా ఆలోచించదగ్గది. ఆస్ట్రేలియా ఆ రెండో ఇన్నింగ్స్ 87 ఓవర్లు ఆడింది. భారత్‌కు దొరికింది 131. భారత్ లక్ష్యానికి 73 పరుగుల దూరంలో ఆగింది. అంటే కనీసం 40 పరుగులు ఎక్కువే పెట్టుకున్నాడు, వాటి కోసం పది ఓవర్లు పోగొట్టుకున్నాడు. ఆ పది ఓవర్లు విహారి, అశ్విన్ మీద పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం కానీ, ఏ కెప్టెన్ అయినా ఆ మార్పిడికి ఒప్పుకుంటాడు.

సరే, డొమినికా. చేతులు కలపడం 15 ఓవర్ల దగ్గరే ఎందుకు జరిగింది? టెస్టుల్లో ఆఖరి గంటకు కనీసం 15 ఓవర్లు వెయ్యాలి. ఆ గంట మొదలయ్యేటప్పుడు, ఫలితం రాదని ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే ఆట ముగించవచ్చు. ఇద్దరూ ఒప్పుకోవాలి, అది ముఖ్యం. 2025 జులైలో మాంచెస్టర్‌లో స్టోక్స్ చెయ్యి చాపితే, సెంచరీలకు దగ్గర్లో ఉన్న జడేజా, వాషింగ్టన్ సుందర్ ఆట కొనసాగించారు, ఇద్దరూ సెంచరీలు చేశారు, ఆ తర్వాతే డ్రా. మీ లీగ్ మ్యాచ్‌కు ప్రత్యేక నిబంధన లేకపోతే క్రికెట్ చట్టం ప్రకారం ఆఖరి గంట అంటే 20 ఓవర్లు, 15 కాదు.

ధోనీ వైపు వాదన బలంగానే ఉంది. అది సిరీస్‌లో చివరి టెస్టు, భారత్ 1-0 ఆధిక్యంలో ఉంది. డ్రా అయినా సిరీస్ మనదే, గెలిస్తే 2-0, ఓడితే 1-1. పిచ్ నెమ్మదిగా ఉంది, 32 ఓవర్లలో ఓవర్‌కు 3 కూడా రాలేదు, ఇప్పుడు 5.7 కావాలి, వెస్టిండీస్ అందరినీ బౌండరీకి పంపగలదు. ఇవాళ అదే మ్యాచ్ అయితే లెక్క మారుతుంది. ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్‌లో గెలుపుకు 12 పాయింట్లు, డ్రాకు 4, ఓటమికి సున్నా. చేతిలో ఖాయమైన 4 ఉన్నాయి. వాటిని పణంగా పెడితే 12 వస్తుంది లేదా సున్నా. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ గెలిచే అవకాశం ఉంటే వెంటపడటమే లాభం. అప్పట్లో ఆ పాయింట్లు లేవు.

అయినా నా అభిప్రాయం, ఆ చెయ్యి అప్పుడే కలపకూడదు. గెలుపు ఖాయమని కాదు. టెస్టులో ఛేదనను ఏ ఓవర్లోనైనా ఆపి జిడ్డాటకు దిగవచ్చు, ఈ సౌకర్యం వన్డేలో లేదు. ఐదు ఓవర్లు ప్రయత్నించాల్సింది. 30 పరుగులు వచ్చి వికెట్ పోకపోతే, 10 ఓవర్లలో 56, చేతిలో 7 వికెట్లు. అప్పుడు వెస్టిండీస్ కెప్టెన్ చెమటలు తుడుచుకోవాలి. అదే రెండు వికెట్లు పడితే, ఇంకా 5 వికెట్లతో 10 ఓవర్లు అడ్డుకోవాలి. ద్రావిడ్‌నో లక్ష్మణ్‌నో ఒక చివర పెట్టుకుని 60 బంతులు ఆడలేని జట్టు కాదు అది.